గుంటూరు సప్లయర్ పంపిన ఇన్‌వాయిస్ ఫోటోలో షరతులు అర్థం కాకపోతే ఏం అడగాలి, ఎలా అడగాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో చిన్న ఇండియన్ గ్రోసరీ నడుపుతూ మిరప పొడి, పచ్చళ్లు గుంటూరు వైపు నుంచి నేరుగా తెప్పించుకునే తెలుగువాళ్ల కోసం ఈ పేజీ. అక్కడి చిన్న సప్లయర్లు సరుకు పంపే ముందు ఇచ్చే ప్రొఫార్మా ఇన్‌వాయిస్‌ను బిల్లు పుస్తకంలో చేత్తో నింపి, స్టాంపు వేసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టడం మామూలే. అందులో సగం షరతులు పొడి అక్షరాల్లో ఉంటాయి, కొన్ని అంకెలు స్టాంపు కిందకి పోతాయి. అడ్వాన్స్ కట్టేలోపు ఆ లైన్లన్నీ రాతపూర్వకంగా తేల్చుకోవాలి. డబ్బు వెళ్లాక అదే ప్రశ్న అడిగితే బేరం మన చేతిలో ఉండదు.

ఫోటో మసగ్గా ఉంది. మళ్లీ పంపమని అడగాలా, లేక ఉన్నదాంట్లోనే సందేహాలు అడగాలా?

రెండూ ఒకే మెసేజ్‌లో అడగండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే సైజు తగ్గిపోయి చిన్న అంకెలు అలుక్కుపోతాయి. అదే ఫైలును డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. కాబట్టి కాగితం నాలుగు మూలలూ కనిపించేలా తీసి డాక్యుమెంట్‌గా పంపమనండి. వెనక వైపు ముద్రించిన షరతులుంటే అదీ కావాలని ప్రత్యేకంగా చెప్పాలి. చెప్పకపోతే ఎవరూ పంపరు.

మంచి ఫోటో వచ్చేదాకా మిగతా ప్రశ్నలు ఆపుకోనక్కర్లేదు. కనబడని అంకెలు ఒక సమస్య, కనబడుతున్నా రెండు అర్థాలు వచ్చే మాటలు ఇంకో సమస్య. రెండోది ఎంత స్పష్టమైన ఫోటో వచ్చినా తీరదు.

ఒక ఉదాహరణ చూపిస్తారా?

హ్యూస్టన్ శివార్లలోని ఒక షాపుకు గుంటూరు నుంచి ఇలాంటి ప్రొఫార్మా వచ్చిందనుకుందాం. మొదటి లైన్‌లో మిరప పొడి, 500 గ్రాముల ప్యాకెట్లు, కార్టన్‌కి 20, మొత్తం 100 కార్టన్లు, రేటు 3.60 డాలర్లు. రెండో లైన్‌లో ఆవకాయ, 300 గ్రాముల సీసాలు, కార్టన్‌కి 24, మొత్తం 50 కార్టన్లు, రేటు 1.10 డాలర్లు. కింద మొత్తం అంకె మీద స్టాంపు పడి చివరి "20" మాత్రమే కనబడుతోంది. ఆ కింద చేతిరాతలో ఇవి ఉన్నాయి: "సీఐఎఫ్ హ్యూస్టన్, లోకల్ ఛార్జెస్ ఎక్స్‌ట్రా. 40 శాతం అడ్వాన్స్, బ్యాలెన్స్ బీఎల్ కాపీ మీద. క్వాంటిటీ ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం. రేటు 10 రోజులు. తేదీ 05/06."

మొదట రేటు చూడండి. 3.60 డాలర్లు కిలోకా, ప్యాకెట్‌కా? పక్కన ఏమీ రాయలేదు. కిలోకైతే 1,000 కిలోలకు 3,600 డాలర్లు. ప్యాకెట్‌కైతే 2,000 ప్యాకెట్లకు 7,200 డాలర్లు. ఆవకాయ 1,200 సీసాలకు 1,320 డాలర్లు. అంటే మొత్తం 4,920 కావచ్చు, 8,520 కావచ్చు. రెండూ "20"తోనే ముగుస్తాయి కాబట్టి స్టాంపు పక్కన కనబడుతున్న అంకెలు ఇక్కడ పనికిరావు. 40 శాతం అడ్వాన్స్ ఒక లెక్కలో 1,968 డాలర్లు, ఇంకో లెక్కలో 3,408.

కిలోకే అయి ఉంటుందని వ్యాపారం తెలిసిన ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అదే కాలమ్‌లో ఆవకాయ రేటు సీసాకి ఉంది. ఒకే కాలమ్‌లో ఒక లైన్ కిలోకి, ఇంకో లైన్ సీసాకి ఉన్నప్పుడు అనిపించడం మీద డబ్బు పంపకూడదు.

సరే, మెసేజ్ ఎలా రాయాలి? "క్లియర్‌గా లేదు, ఒకసారి చూడండి" అంటే సరిపోదా?

సరిపోదు. అలా రాస్తే "అంతా కరెక్టే అండీ, పోయినసారి లాగే" అని జవాబు వస్తుంది. వాళ్ల కాగితం వాళ్లకు స్పష్టంగానే ఉంటుంది కదా, మనకు ఎక్కడ తట్టుకుంటోందో వాళ్లకు కనబడదు. అందుకే ప్రతి సందేహానికీ మూడు విషయాలు రాయండి: కాగితం మీద ఉన్న మాట ఉన్నట్టుగా, దాన్ని మీరు ఎలా అర్థం చేసుకున్నారో, ఆ లెక్కన డబ్బు ఎంతవుతుందో. అప్పుడు అటువైపు మనిషి "అవును" అన్నా, "కాదు, ఇంత" అన్నా అది నిలబడే జవాబు అవుతుంది.

పై ఇన్‌వాయిస్‌కి మెసేజ్ ఇలా ఉండొచ్చు:

"నమస్కారమండీ. మీరు పంపిన ప్రొఫార్మా ఇన్‌వాయిస్ ఫోటో అందింది. సరుకు మాకు కావాలి, బ్యాంకుకు వెళ్లే ముందు ఈ ఆరు విషయాలు తేల్చండి.

1. మిరప పొడి రేటు 3.60 అని ఉంది. అది కిలోకి అని అనుకుంటున్నాం. అంటే 1,000 కిలోలకు 3,600 డాలర్లు. ఆవకాయ 1.10 సీసాకి, 1,200 సీసాలకు 1,320 డాలర్లు. మొత్తం 4,920 డాలర్లు. మొత్తం అంకె మీద స్టాంపు పడింది. మీ లెక్క కూడా ఇదేనా?

2. 'సీఐఎఫ్ హ్యూస్టన్, లోకల్ ఛార్జెస్ ఎక్స్‌ట్రా' అని ఉంది. గుంటూరు నుంచి చెన్నైలో ఓడ ఎక్కేదాకా అయ్యే ఖర్చులన్నీ, హ్యూస్టన్ దాకా ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ మీ రేటులోనే ఉన్నాయని అర్థం చేసుకున్నాం. ఇది నిజమేనా? హ్యూస్టన్‌లో సరుకు ఇచ్చే ఏజెంట్ ఎవరు? వాళ్ల ఛార్జీల పట్టిక లోడింగ్‌కి ముందే పంపించండి.

3. ఆ 4,920లో ఫ్రైట్ ఎంత, ఇన్సూరెన్స్ ఎంత అన్నది ఇన్‌వాయిస్‌లో విడిగా రాయండి.

4. 'బ్యాలెన్స్ బీఎల్ కాపీ మీద' అంటే కాపీ అందాక ఎన్ని రోజుల్లో కట్టాలి? మేం కట్టాక ఒరిజినల్ కొరియర్ చేస్తారా, సరెండర్ చేయిస్తారా?

5. 'ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం' అని ఉంది. మిరప పొడి 95 నుంచి 105 కార్టన్ల మధ్య ఎంతైనా రావొచ్చన్నమాటేనా? ఎంత ఎక్కితే అంతకే డబ్బు తీసుకుంటారా?

6. మిరప పొడి, ఆవకాయ ఎక్కడ తయారవుతాయో ఆ యూనిట్ల పేరు, అడ్రస్, ఎఫ్‌డీఏ రిజిస్ట్రేషన్ నంబర్ ఇవ్వండి.

తేదీలో నెల పేరు రాసి, ఇవన్నీ సరిచేసి కొత్త ప్రొఫార్మా పీడీఎఫ్‌గా పంపండి. అది అందిన మర్నాడు అడ్వాన్స్ పంపిస్తాం."

చివరి వాక్యం ఊరికే మర్యాదకి రాసింది కాదు. వాళ్లు కాగితం మళ్లీ రాయడానికి అదే కారణం. ఏం చేస్తే డబ్బు ఎప్పుడు వస్తుందో తెలిస్తే ఆ పని ముందుకు జరుగుతుంది.

సీఐఎఫ్ అంటే మన షాపు దాకా అన్నీ వాళ్లవే కదా? లోకల్ ఛార్జీలు ఎక్కడి నుంచి వచ్చాయి?

చిన్న షాపులకు ఎక్కువ డబ్బు పోయేది ఈ లైన్ దగ్గరే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

సీఐఎఫ్ అంటే సరుకు ధర, ఇన్సూరెన్స్, పేరు రాసిన రేవు దాకా ఓడ కిరాయి సప్లయర్ కడతాడు. సరుకు హ్యూస్టన్ చేరాక గోడౌన్‌లో దించి, కంటైనర్ విప్పి, మన కార్టన్లు వేరు చేసి ఇచ్చే ఖర్చు మామూలుగా కొన్నవాళ్ల మీదే పడుతుంది. మన ఆర్డర్ కంటైనర్ నిండా ఉండదు. పది మంది సరుకుతో కలిపి ఎల్‌సీఎల్‌గా వస్తుంది. ఎల్‌సీఎల్‌లో కిరాయి లెక్క క్యూబిక్ మీటర్ల మీద గానీ టన్నుల మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద. మన ఉదాహరణలో మిరప పొడి కార్టన్ 40, 30, 25 సెంటీమీటర్లు అనుకుంటే 100 కార్టన్లు 3 క్యూబిక్ మీటర్లు. ఆవకాయ కార్టన్ 40, 30, 15 అనుకుంటే 50 కార్టన్లు 0.9. మొత్తం 3.9 క్యూబిక్ మీటర్లు. సీసాలు, అట్టపెట్టెలు కలుపుకున్నా బరువు రెండు టన్నులు దాటదు. కాబట్టి బిల్లు 3.9 మీద పడుతుంది.

అసలు చిక్కు ఇది. చెన్నైలో సరుకు పోగుచేసే ఏజెంటును సీఐఎఫ్‌లో ఎంచుకునేది సప్లయర్. ఆ ఏజెంట్ ఓడ కిరాయి చాలా తక్కువ చెప్పి, తగ్గించిన డబ్బును హ్యూస్టన్‌లో తన భాగస్వామి ద్వారా మన దగ్గర రాబట్టుకోవచ్చు. డాక్యుమెంట్ ఫీజు, హ్యాండ్లింగ్, డెలివరీ ఆర్డర్ ఫీజు అంటూ ఒక్కొక్కటిగా వస్తాయి. సరుకు వాళ్ల గోడౌన్‌లో ఉంటుంది, ఉచిత రోజులు దాటితే రోజువారీ అద్దె మొదలవుతుంది, కాబట్టి అడిగినంత కట్టక తప్పదు. సప్లయర్‌కి ఇవేవీ తెలియకపోవచ్చు, ఆయనకు కిరాయి తక్కువ పడిందంతే. అందుకే లోడింగ్‌కి ముందే హ్యూస్టన్ ఏజెంట్ పేరు, క్యూబిక్ మీటర్‌కి ఎంత, బిల్లు ఒక్కింటికి ఎంత అన్న పట్టిక అడిగి తీసుకోవాలి. పట్టిక ఇవ్వలేమంటే ఎఫ్‌ఓబీ చెన్నై రేటు, అంటే చెన్నైలో ఓడ ఎక్కేదాకా మాత్రమే వాళ్ల ఖర్చులున్న రేటు, అడగండి. అప్పుడు ఏజెంటును మీరే ఇక్కడి నుంచి పెట్టుకుంటారు, రెండు చివర్ల ఖర్చూ ముందే తెలుస్తుంది.

"లోకల్" అంటే ఏ ఊరి లోకలో కూడా అడగాలి. కొందరు చెన్నై రేవు ఖర్చులు కూడా ఆ మాటలో కలిపేస్తారు. సీఐఎఫ్ అని రాసినప్పుడు అవి అమ్మినవాళ్లవే.

ఇంకో మాట. ఎఫ్‌ఓబీ అన్న మాటను అమెరికా లోపలి వ్యాపారంలో వేరే అర్థంలో వాడతారు. మీ అకౌంటెంట్ దాన్ని ఆ లెక్కలో చదవొచ్చు. ఇన్‌వాయిస్ మీద "ఎఫ్‌ఓబీ చెన్నై, ఇన్‌కోటర్మ్స్ 2020" అని పూర్తిగా రాయమనండి. ఇన్‌కోటర్మ్స్ అంటే ఇలాంటి మాటలకు అంతర్జాతీయంగా ఒప్పుకున్న అర్థాలు.

సీఐఎఫ్‌లో ఇన్సూరెన్స్ ఉందన్నారు. సీసాలు పగిలితే డబ్బు వస్తుందా?

దాదాపుగా రాదు. ఇన్‌కోటర్మ్స్ ప్రకారం సీఐఎఫ్‌లో సప్లయర్ తీసుకోవాల్సింది కనీస పాలసీ మాత్రమే, దాన్ని క్లాజ్ సీ అంటారు. ఇన్‌వాయిస్ విలువకు 110 శాతం మొత్తానికి తీసుకుంటారు. ఓడ మునగడం, అగ్ని ప్రమాదం, లారీ బోల్తా పడటం లాంటివి అందులోకి వస్తాయి. దొంగతనం, సీసాలు పగలడం, నూనె కారి పక్క కార్టన్లు పాడవడం రావు. పైగా సీఐఎఫ్‌లో సరుకు చెన్నైలో ఓడ ఎక్కిన క్షణం నుంచి నష్టం కొన్నవాళ్లదే. కిరాయి వాళ్లు కట్టినంత మాత్రాన దారిలో పాడైతే వాళ్లది కాదు.

ఆవకాయ సీసాలు తెప్పించేవాళ్లు క్లాజ్ ఏ పాలసీ కావాలని, తేడా ఎంతో చెప్పమని ఆ మెసేజ్‌లోనే రాయండి. క్లాజ్ ఏ ఉన్నా ప్యాకింగ్ సరిగా లేకపోవడం వల్ల పగిలితే కంపెనీ ఒప్పుకోదు. కాబట్టి కార్టన్ లోపల అరలు ఉన్నాయా, మూతలకు సీల్ ఉందా అన్నది కూడా అడిగి, ప్యాకింగ్ ఫోటోలు తెప్పించుకోండి.

ఫ్రైట్, ఇన్సూరెన్స్ విడిగా రాయమని ఎందుకు అడగాలి? మొత్తం ఒకటే కదా?

మొత్తం ఒకటే, డ్యూటీ ఒకటి కాదు. ఇండియాలో దిగుమతి సుంకం ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపిన విలువ మీద పడుతుంది. అమెరికా కస్టమ్స్ మాత్రం అంతర్జాతీయ కిరాయి, ఇన్సూరెన్స్ విడిగా చూపిస్తే వాటిని తీసేసి మిగతా విలువ మీదే డ్యూటీ లెక్కగడుతుంది. అన్నీ కలిపి ఒకే అంకె రాస్తే, విడదీయడానికి ఆధారం లేక ఓడ కిరాయి మీద కూడా డ్యూటీ కట్టాల్సి రావొచ్చు. రాసేది నిజంగా కట్టిన కిరాయే కావాలి, తోచిన అంకె కాదు.

"బ్యాలెన్స్ బీఎల్ కాపీ మీద" అంటే సరుకు చూడకుండానే కట్టేయాలా?

అవును, అర్థం అదే. సరుకు ఓడ ఎక్కిందనడానికి సాక్ష్యంగా బిల్ ఆఫ్ లేడింగ్ స్కాన్ కాపీ పంపుతారు, అది చూసి మనం మిగతా 60 శాతం కట్టాలి. కాపీతో సరుకు విడిపించుకోలేం. ఒరిజినల్ కావాలి, లేదా సప్లయర్ ఒరిజినల్‌ను చెన్నైలోనే ఏజెంటుకు తిరిగిచ్చేసి "సరెండర్" చేయించాలి. చిన్న సరుకుకు సరెండరే సుఖం. కొరియర్ ఆలస్యమై సరుకు గోడౌన్‌లో అద్దె కట్టుకుంటూ పడి ఉండదు.

కాబట్టి అడగాల్సినవి రెండు: కాపీ అందాక ఎన్ని రోజులు గడువు, డబ్బు పడ్డాక ఎన్ని రోజుల్లో సరెండర్. కాపీ రాగానే మీరు చూడాల్సింది దాని మీద సరుకు ఓడ ఎక్కిన తేదీ ఉందా, కార్టన్ల సంఖ్య, బరువు ఇన్‌వాయిస్‌తో కలుస్తున్నాయా అన్నది. ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం సంగతి తేలేదీ ఇక్కడే. కార్టన్లు 97 ఎక్కితే ఇన్‌వాయిస్‌లోనూ, ప్యాకింగ్ లిస్ట్‌లోనూ 97 అనే ఉండాలి. కాగితాల్లో తేడా ఉంటే ఇక్కడ రేవులో ప్రశ్నలు మొదలవుతాయి.

రేటు 10 రోజులే అన్నారు, తేదీ 05/06. గడువు ఎప్పుడు అయిపోతుంది?

గుంటూరులో 05/06 అంటే జూన్ 5. అమెరికాలో మీ షాపులో పనిచేసే కుర్రాడు దాన్ని మే 6 అని చదువుతాడు, బ్యాంకులోనూ అంతే. నెల పేరు అక్షరాల్లో రాయమనండి. ఇంకో ప్రశ్న కూడా జత చేయండి: 10 రోజుల్లోపు అడ్వాన్స్ పడితే లోడింగ్ రోజు దాకా అదే రేటా? గుంటూరు మిర్చి యార్డులో ధర రోజూ మారుతుంది. రేటు ఏ రోజుది ఖాయమో రాసుకోకపోతే, యార్డులో ధర పెరిగిన వారం బ్యాలెన్స్ అంకె కూడా పెరిగి రావొచ్చు.

కింద "ఎల్‌యూటీ, ఐజీఎస్‌టీ లేకుండా ఎగుమతి" అని ఉంది. ఆ జీఎస్‌టీ మనం కట్టాలా?

వద్దు. ఇండియా నుంచి ఎగుమతికి జీఎస్‌టీ సున్నా. సప్లయర్ ఎల్‌యూటీ అనే హామీపత్రం ఇచ్చి పన్ను కట్టకుండానే పంపొచ్చు, లేదా ముందు కట్టి తర్వాత రీఫండ్ తీసుకోవచ్చు. రెండు దారుల్లోనూ మీ ఇన్‌వాయిస్‌లో 5 శాతమో ఇంకెంతో కలపడానికి కారణం లేదు. కలిపి ఉంటే మర్యాదగా ఒక లైన్ రాస్తే చాలు, సాధారణంగా తీసేస్తారు.

ఇన్‌వాయిస్ మీద ఒక పేరు, ప్యాకెట్ ఫోటో మీద "తయారీ" దగ్గర ఇంకో పేరు ఉంది. అడగాలా?

తప్పకుండా అడగాలి. ఎగుమతి చేసేవాళ్లు తామే తయారు చేయకపోవచ్చు. మిరప పొడి ఒకరి మిల్లులో, పచ్చడి ఇంకొకరి దగ్గర చేయించి తమ పేరుతో పంపుతారు. వ్యాపారంగా అందులో తప్పేమీ లేదు. కానీ అమెరికాలో ఆహారం విషయంలో అసలు పేరు తయారీదారుదే. ఓడలో ఎక్కించడానికి 24 గంటల ముందే కస్టమ్స్‌కు ఐఎస్‌ఎఫ్ అనే ముందస్తు సమాచార పత్రం దాఖలు చేయాలి, అందులో తయారీదారు పేరు, అడ్రస్ ఉండాలి. సరుకు రేవు చేరడానికి కనీసం 8 గంటల ముందు ఎఫ్‌డీఏకు ప్రయర్ నోటీస్ ఇవ్వాలి, అందులో ఆ యూనిట్ రిజిస్ట్రేషన్ నంబర్ అడుగుతారు. ఆ రిజిస్ట్రేషన్‌ను సరి సంఖ్య సంవత్సరాల్లో అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపు రెన్యూ చేసుకోవాలి. పాత నంబర్ ఇచ్చి ఊరుకునేవాళ్లుంటారు కాబట్టి "ఇది ప్రస్తుతం అమల్లో ఉందా" అని అడగండి.

పేరు తెలిశాక మీరే చేయగల పని ఒకటుంది. ఎఫ్‌డీఏ వెబ్‌సైట్‌లో ఇంపోర్ట్ అలర్ట్ 99-19 ఉంటుంది, సాల్మొనెల్లా దొరికిన ఆహార పదార్థాలది. అందులో కంపెనీల పేర్లు దేశాల వారీగా ఉంటాయి. ఆ జాబితాలో ఉన్న మిల్లు మిరప పొడిని పరీక్ష చేయకుండానే రేవులో ఆపేయొచ్చు. ఎగుమతిదారు పేరు వెతికి ఊరుకుంటే ఉపయోగం లేదు, మిల్లు పేరు వెతకాలి.

ఆవకాయకు ఇంకో ప్రశ్న కూడా ఉంది. పచ్చడి ఎలా చేశారన్నదాన్ని బట్టి ఎఫ్‌డీఏ దాన్ని ఆమ్లం కలిపిన ఆహారంగా లెక్కిస్తే, తయారీదారుకు ఎఫ్‌సీఈ అనే ఫ్యాక్టరీ రిజిస్ట్రేషన్ నంబర్, ఆ ఉత్పత్తి తయారీ పద్ధతిని దాఖలు చేసినందుకు ఎస్‌ఐడీ నంబర్ కావాలి. అవి ఉన్నాయా, అక్కర్లేదంటే ఎందుకు అక్కర్లేదు అన్న జవాబు రాతలో తెప్పించుకుని మీ కస్టమ్స్ బ్రోకర్‌కు చూపించండి.

ఫోటోలో బ్యాంకు వివరాలున్నాయి. చూసి పంపేయొచ్చా?

ఫోటో చూసి ఒక్క అంకె కూడా టైప్ చేయొద్దు. ఖాతా నంబర్, ఐఎఫ్ఎస్‌సీ, స్విఫ్ట్ కోడ్ అక్షరాల్లో టైప్ చేసి పంపమనండి. ఐఎఫ్ఎస్‌సీలో మొత్తం 11 గుర్తులుంటాయి, అయిదోది ఎప్పుడూ సున్నా. చేతిరాతలో దాన్ని ఇంగ్లీషు అక్షరం ఓ అని చదివితే తప్పు కోడ్ అవుతుంది. స్విఫ్ట్ కోడ్‌లో 8 గానీ 11 గానీ ఉంటాయి. తొమ్మిదో పదో కనబడితే ఏదో తెగిపోయిందని అర్థం.

టైప్ చేసి పంపాక, మీ దగ్గర ముందు నుంచి ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి ఖాతా చివరి నాలుగు అంకెలు వాళ్ల నోటితో చెప్పించుకోండి. ఆ ఇన్‌వాయిస్ మీదున్న నంబర్‌కు కాదు. మధ్యలో ఎవరైనా ఫోటో మార్చి ఖాతా నంబర్ పెట్టి ఉంటే దాని మీద ఫోన్ నంబర్ కూడా మార్చే ఉంటారు. "ఈసారి ఈ కొత్త ఖాతాకు వేయండి" అన్న మెసేజ్ వస్తే ఫోన్‌లో గొంతు గుర్తుపట్టేదాకా డబ్బు కదపొద్దు.

ఖాతా పేరు ఇన్‌వాయిస్ మీదున్న కంపెనీ పేరే కావాలి. "మా తమ్ముడు డల్లాస్‌లోనే ఉన్నాడు, ఆయనకు వేసేయండి" అనేవాళ్లుంటారు. నమ్మకస్తులే కావొచ్చు. కానీ సరుకుకు ఎంత కట్టారో కస్టమ్స్ అడిగితే మీ దగ్గర చూపించడానికి కాగితం ఉండదు. అక్కడ సప్లయర్‌కు కూడా ఎగుమతి డబ్బు బ్యాంకుకు వచ్చినట్టు రుజువు కావాలి. "బ్యాంకు ఛార్జీలు కొన్నవారివి" అని రాసి ఉంటే మీ బ్యాంకు ఛార్జీలు మాత్రమేనా, మధ్య బ్యాంకు కోసుకునేవి కూడానా అని అడగండి. రెండో రకమైతే 20, 30 డాలర్లు తక్కువ చేరి, బ్యాలెన్స్ రాలేదని సరెండర్ ఆపే గొడవ రావొచ్చు.

జవాబు వాయిస్ మెసేజ్‌లో వచ్చింది. అది చాలదా?

వినడానికి బాగుంటుంది, బ్యాంకుకు, బ్రోకర్‌కు పనికిరాదు. గుంటూరు వ్యాపారులు ఫోన్‌లో మాట మీద నిలబడేవాళ్లే, ఆ గౌరవం పోకుండానే రాతలోకి తేవచ్చు. విన్న వెంటనే ఇలా రాయండి: "మీరు చెప్పింది అర్థమైందండీ. రేటు కిలోకి, మొత్తం 4,920, చెన్నై ఖర్చులు మీవి, కాపీ అందాక అయిదు రోజుల గడువు, డబ్బు పడిన రెండు రోజుల్లో సరెండర్. ఇవే కొత్త ప్రొఫార్మాలో రాసి పంపండి." కొత్త కాగితానికి కొత్త నంబర్, కొత్త తేదీ ఉండాలి, "పాతది రద్దు" అని ఒక మాట ఉండాలి. ఒకే నంబర్‌తో రెండు కాగితాలు తిరుగుతుంటే కమర్షియల్ ఇన్‌వాయిస్ చేసేటప్పుడు అక్కడి గుమాస్తా ఏది పట్టుకుంటాడో చెప్పలేం.

ఇన్ని అడిగితే పెద్దాయన నొచ్చుకోరూ? పదేళ్లుగా సరుకు ఇస్తున్నారు.

అనుమానంగా అడిగితే నొచ్చుకుంటారు. "మీరు ఇది రాయలేదు" అనకుండా "మా బ్యాంకు వాళ్లు, బ్రోకర్ ఇవి కాగితం మీద చూపించమంటున్నారండీ" అనండి. నిజం కూడా అదే. రాసే ముందు ఒకసారి ఫోన్ చేసి "కొన్ని వివరాలు మెసేజ్ పెడుతున్నాను, వీలు చూసుకుని చెప్పండి" అనడం మన పద్ధతి. పెద్దవాళ్లు కళ్లజోడు పెట్టుకుని అంత మెసేజ్ చదవరు, చదివేది వాళ్ల అబ్బాయో గుమాస్తానో. ఎవరికి పంపితే పని అవుతుందో ఆ ఫోన్‌లోనే అడిగి, ఇద్దరికీ పంపండి.

ఏ సమయంలో పంపాలి?

టెక్సాస్‌లో వేసవిలో రాత్రి 9 గంటలంటే గుంటూరులో మర్నాడు ఉదయం 7:30. శీతాకాలంలో అదే 8:30 అవుతుంది. ఆ వేళకు పంపితే వాళ్లు షాపు తీసేసరికి పైన ఉంటుంది. మనకు తెల్లారేసరికి జవాబు ఉండే అవకాశం ఎక్కువ. మీకు శుక్రవారం రాత్రి వచ్చిన సందేహం శనివారానికి అక్కడ బ్యాంకు పనికి అందకపోవచ్చు. నెలలో రెండో, నాలుగో శనివారాలు ఇండియాలో బ్యాంకులకు సెలవు. వేసవిలో మిర్చి యార్డు సెలవులిచ్చే వారాల్లో రేటు గురించి అడిగితే "యార్డు తెరిచాక చెప్తా" అనే అంటారు, కాబట్టి ఆ ప్రశ్న అంతకుముందే ముగించండి.

అన్నిటికన్నా ముఖ్యమైన గడువు ఐఎస్‌ఎఫ్‌ది. తయారీదారు వివరాలు లోడింగ్ ముందు రోజు అడిగితే అందవు. ప్రొఫార్మా వచ్చిన వెంటనే పంపే మొదటి మెసేజ్‌లోనే ఆరో ప్రశ్న ఉండాలి. మిగతా అయిదింటికి జవాబు ఆలస్యమైనా దానికి మాత్రం ముందు తెప్పించుకుని బ్రోకర్‌కు పంపేయండి.